ఎం.కామ్, నాలుగు భాషలు, సొంత బైక్ అడిగాం. 47 మంది వచ్చారు, ఒక్కరూ నిలవలేదు. ప్రకటనలో తప్పెక్కడ?

రాయగడ_గోడౌన్

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడలో ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ హోల్‌సేల్. సరుకు ఎక్కువ విశాఖ నుంచి దిగుతుంది, మేం గుణుపూర్, మునిగుడ, బిసంకటక్, కాశీపూర్ వైపు షాపులకి వేస్తాం, పార్వతీపురంలో కూడా నాలుగైదు ఖాతాలున్నాయి. మొత్తం ఏడుగురం. బిల్లింగ్ చూసే అబ్బాయి పెళ్ళి చేసుకుని రాయ్‌పూర్ వెళ్ళిపోయాడు. రెండు నెలల నుంచి మనిషి కోసం తిరుగుతున్నాం. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన ప్రకటన ఇది, ఉన్నదున్నట్టు కింద పెడుతున్నాను.

"ప్రముఖ హోల్‌సేల్ సంస్థకు డైనమిక్, కష్టపడే తత్వం గల ఆఫీస్ ఎగ్జిక్యూటివ్ కావలెను. పురుషులు మాత్రమే. వయసు 25–30. అర్హత బి.కామ్/ఎం.కామ్/ఎంబీఏ. అనుభవం 3–5 సంవత్సరాలు. ట్యాలీ, జీఎస్టీ, ఎక్సెల్ సంపూర్ణంగా తెలిసి ఉండాలి. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు అనర్గళంగా మాట్లాడటం, రాయటం రావాలి. ఒత్తిడిలో పని చేయగలగాలి. సొంత బైక్ తప్పనిసరి. జీతం ప్రతిభను బట్టి."

47 బయోడేటాలు వచ్చాయి. సగం మందికి మా ఊరు ఎక్కడుందో కూడా తెలీదు. ఇద్దర్ని తీసుకుంటే ఒకాయన నాలుగో రోజున రాలేదు, ఇంకొకాయన, ఎంబీఏ, తొమ్మిది రోజులు చేసి ఫోన్ ఎత్తడం మానేశాడు. మనుషులు దొరకడం లేదా, మా ప్రకటనలో ఏదైనా లోపముందా చెప్పండి.

సిరోంచ_కిరాణా

సేమ్ ప్రాబ్లం అన్నా. మాది మహారాష్ట్ర వైపు, సిరోంచ. వ్యాన్ డ్రైవర్ కోసం పోయిన దసరా నుంచి చూస్తున్నాం. మీ దగ్గర మిగిలిన 45 మందిలో డ్రైవింగ్ వచ్చినవాళ్ళు ఉంటే నంబర్లు పంపుతారా?

రాయగడ_గోడౌన్

అయ్యా, డ్రైవర్ గురించి కాదు ఇది. అయినా వాళ్ళ నంబర్లు వాళ్ళని అడక్కుండా ఎలా ఇస్తాం.

ట్యాలీ_బరంపురం

మీరు తక్కువ అడిగారు, అదే సమస్య. 3–5 ఏళ్ళు అంటే ఎవడైనా పెట్టేస్తాడు. 5 ఏళ్ళు తప్పనిసరి, ఇదే లైన్‌లో హోల్‌సేల్ అనుభవం, అని రాయండి. గట్టిగా రాస్తేనే చెత్త రాదు. నేను పదకొండేళ్ళుగా అకౌంట్స్‌లో ఉన్నా, ఈ-వే బిల్లు అంటే ఏంటో తెలియనివాడిని కూర్చోబెడితే మొదటి వారంలోనే బండి దారిలో తనిఖీ దగ్గర ఆగిపోతుంది. జీతం మాత్రం రాయకండి, పక్క షాపువాడికి తెలిసిపోతుంది.

జయపురం_లత

ట్యాలీ గారూ, ఈ-వే బిల్లు మాట నిజం, దానికి మళ్ళీ వస్తాను. కానీ గట్టిగా రాసిన కొద్దీ చెత్త తగ్గదండీ. నేను ఒక ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు మనుషుల్ని తీసుకునే పనే చేశాను. అర్హతలు పెంచితే ముందు ఆగిపోయేది నిజాయితీపరులే. వాళ్ళు పది షరతుల్లో రెండు తమకి లేవని చూసి పక్కకి తప్పుకుంటారు. దేనికైనా పెట్టేద్దాం అనుకునేవాడు అసలు చదవనే చదవడు, ఒకే బయోడేటా వంద చోట్లకి పంపుతాడు. అందుకే గోడౌన్ గారికి అన్ని వచ్చినా ఏదీ పనికిరాలేదు.

గోడౌన్ గారూ, ప్రకటన సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఆ రాయ్‌పూర్ వెళ్ళిన అబ్బాయి పొద్దున వచ్చిన దగ్గర్నుంచి షట్టర్ వేసేదాకా ఏం చేసేవాడో గంటల వారీగా రాయండి. దానితో పాటు ఆ ఎంబీఏ ఆయన తొమ్మిది రోజుల్లో చేసిన తప్పులు కూడా. దాచుకోకుండా.

రాయగడ_గోడౌన్

సరే మేడం. పొద్దున 9 కి వస్తాడు. రాత్రి వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు చూస్తాడు, కొన్ని వాయిస్ మెసేజ్‌లు, కొన్ని చీటీ ఫొటోలు. స్టాక్ ఉందో లేదో గోడౌన్ పిల్లలని అడిగి ట్యాలీలో బిల్లు కొడతాడు, రోజుకి 25 నుంచి 40 బిల్లులు. 50 వేలు దాటినవాటికి ఈ-వే బిల్లు. మధ్యాహ్నం రెండు లోపు బండ్లు బయల్దేరాలి, ఆ టైంలో లోడింగ్ దగ్గరికి వెళ్ళి బిల్లుతో సరుకు సరిచూసుకోవాలి, ఫోన్ మోగుతూనే ఉంటుంది. నాలుగు తర్వాత విశాఖ నుంచి వచ్చిన సరుకు ఎంట్రీ. ఆరు తర్వాత బాకీలకి ఫోన్లు. 8 కి షట్టర్.

ఎంబీఏ ఆయన తప్పులు. ఒకటి, కాశీపూర్ షాపు నుంచి "వైరు 2" అని మెసేజ్ వస్తే 2 మీటర్లకి బిల్లు కొట్టాడు. మన దగ్గర వైరు 90 మీటర్ల కాయిల్‌గానే పోతుంది, ఆయన ఎవర్నీ అడగలేదు. బండి వెళ్ళాక షాపాయన ఫోన్ చేసి తిట్టాడు. రెండు, లోడు మారి వేరే బండిలో వెళ్తే ఈ-వే బిల్లులో పాత బండి నంబరే ఉంచేశాడు, దారిలో ఆపారు, మా మావయ్య సగం రోజు అక్కడే నిలబడ్డాడు. మూడు, లోడింగ్ దగ్గరికి వెళ్ళమంటే "అది నా పని కాదు" అన్నాడు.

ఆయనని తప్పుపట్టడం కూడా కష్టమే లెండి, మేం ఆఫీస్ ఎగ్జిక్యూటివ్ అని పిలిచాం.

జయపురం_లత

మీ ఆఖరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. ఏసీ గది, కుర్చీ, ఎక్సెల్ షీటు ఊహించుకుని వచ్చినవాడికి సిమెంటు దుమ్ములో కాయిళ్ళు లెక్కపెట్టే పని ఇచ్చారు. పేరే మార్చండి. "బిల్లింగ్, డిస్పాచ్ క్లర్కు" అని రాయండి. ఎగ్జిక్యూటివ్ అన్న మాట చూసి వచ్చేవాళ్ళు రారు, అది మంచిదే.

ఇప్పుడు ఒక్కో షరతునీ పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి. ఇది లేని మనిషి వస్తే మీరు చెప్పిన రోజులో ఏ పని ఆగుతుంది? దాన్ని మీరే నెల రోజుల్లో నేర్పగలరా? ఎం.కామ్ లేకపోతే ఏది ఆగుతుంది చెప్పండి. జీఎస్టీ రిటర్న్‌లు ఎవరు వేస్తారు?

రాయగడ_గోడౌన్

రిటర్న్‌లు బయట ఆడిటర్ గారే వేస్తారు. మేం ప్రతి నెలా మొదటి వారంలో ట్యాలీ డేటా పంపుతాం, అంతే. ఎక్సెల్ అంటే, బాకీల లిస్టు ఒకటి ఉంటుంది, దాంట్లో వరస మార్చడం తప్ప ఇంకేం లేదు.

సొంత బైక్ ఎందుకు రాశామో నాకే గుర్తు లేదు. వారానికి రెండు సార్లు బ్యాంకుకి వెళ్ళాలి, దానికి షాపు స్కూటీ ఉంది. పోయిన సంవత్సరం మా తమ్ముడు ఎక్కడో చూసి కాపీ చేసిన ప్రకటన అనుకుంటా.

ట్యాలీ_బరంపురం

చూశారా, ఆడిటర్ ఉన్నప్పుడు "జీఎస్టీ సంపూర్ణంగా" అవసరమే లేదు. అయినా నా మాట మీద ఉంటాను, ఈ-వే బిల్లు తెలియాలి, అనుభవం తప్పదు.

జయపురం_లత

అక్కడ మీరు కరెక్ట్, కానీ సగమే. కొట్టడం రావాలి, నిజమే. కానీ ఆ పోర్టల్‌లో వివరాలు నింపడం తెలివైన మనిషికి రెండు మూడు రోజుల పని. గోడౌన్ గారి బండి ఆగింది ఆ పని రాక కాదు, లోడు మారాక బండి నంబరు మార్చాలన్న ఎరుక లేక. వాహనం వివరం పార్ట్ బి లో ఉంటుంది, బండి మారితే అది అప్‌డేట్ చేయొచ్చు. అయిదేళ్ళ అనుభవం ఉన్నవాడు కూడా వేరే డెస్కు మీద కూర్చుని ఉంటే ఇది చూసి ఉండకపోవచ్చు. అందుకని ఏళ్ళు అడగొద్దు, పని అడగండి. "బిల్లులు కొట్టిన అనుభవం కనీసం ఒక సంవత్సరం, ఏ షాపులో అయినా. ఈ-వే బిల్లు తెలిస్తే మంచిది, లేదంటే మేం నేర్పుతాం." ఇలా రాస్తే చిన్న మెడికల్ హోల్‌సేల్‌లో చేసినవాడు కూడా ధైర్యంగా ఫోన్ చేస్తాడు.

ఇంకోటి, వైరు సంగతి. మీకు డబ్బు పోయింది అక్కడ. అంటే మీకు నిజంగా కావల్సింది అనుమానం వస్తే బిల్లు కొట్టకముందు అడిగే మనిషి. దాన్ని "శ్రద్ధగల అభ్యర్థి" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అందరూ శ్రద్ధగలవాళ్ళమే అనుకుంటారు. దాన్ని పనిగా రాయండి. "ఆర్డర్లు చాలాసార్లు అసంపూర్తిగా వస్తాయి, షాపుకి ఫోన్ చేసి కనుక్కుని బిల్లు కొట్టాలి" అని.

గుణుపూర్_డిగ్రీ

నేను ఈ ప్రకటన చూశాను అండీ. గ్రూపులో మా బావ పంపాడు. నేను గుణుపూర్‌లో ఒక ఫెర్టిలైజర్ షాపులో ఏడాదిన్నర బిల్లింగ్ చేశాను, ట్యాలీ వచ్చు. కానీ అప్లై చేయలేదు.

ఎందుకంటే ఒడియా "అనర్గళంగా రాయటం" అన్నారు. మేం ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడతాం, నిద్రలో లేపినా మాట్లాడేస్తాం. కానీ నేను ఆంధ్రా వైపు పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నా, ఒడియా అక్షరాలు మెల్లగా కూడబలుక్కుంటాను తప్ప రాయలేను. మా బ్యాచ్‌లో చాలామంది ఇంతే. ఇంగ్లీషు అనర్గళంగా అని కూడా ఉంది. నాలుగూ అనర్గళంగా వచ్చినవాడు రాయగడలో బిల్లులు కొట్టడానికి ఎందుకొస్తాడు, అనుకున్నా. ఎవరో తెలిసినవాడిని ముందే అనుకుని పేరుకి ప్రకటన వేశారేమో అనిపించింది.

జీతం లేకపోవడం కూడా. బస్సులో రావాలి, గది తీసుకోవాలి, అక్కడికొచ్చాక పదివేలు అంటే రానుపోను చార్జీలు దండగ.

రాయగడ_గోడౌన్

బాబూ, నువ్వు రాసింది చదివి మా తమ్ముడికి చూపించాను. వాడు తల గోక్కున్నాడు. నిజంగా మాకు ఒడియా రాసే పని ఏముందని ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. బిల్లు ఇంగ్లీషులో. లోడింగ్ పిల్లలతో, డ్రైవర్లతో ఒడియా మాట. కొందరు షాపువాళ్ళు ఒడియా లిపిలో మెసేజ్ పెడతారు, ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో ఒడియా కొడతారు. చదవడం వస్తే చాలు, అదీ మెల్లగా. రాసే పని ఒక్కటీ కనిపించలేదు.

పర్లాకిమిడి_మాస్టారు

నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, మీ వ్యాపారాలు నాకు తెలియవు. భాష గురించి ఒక మాట. ఈ జిల్లాల్లో "ఒడియా వచ్చు" అన్న ముక్కలో మూడు వేర్వేరు విషయాలున్నాయి. మాట్లాడటం, చదవటం, రాయటం. మా దగ్గర పిల్లలు ఏ బడిలో చదివారన్న దాన్ని బట్టి అవి మారిపోతాయి. ప్రకటనలో మూడూ విడివిడిగా రాయకపోతే ఇలాగే మంచి పిల్లలు దూరమవుతారు.

మరొకటి. మీరు తెలుగులో మాత్రమే ప్రకటన వేశారు కాబోలు. అది పార్వతీపురం, శ్రీకాకుళం వైపు గ్రూపుల్లోకి పోయి ఉంటుంది. మీ ఊరు ఎక్కడో తెలియని 20 మందికి పైగా అలా వచ్చి ఉంటారు. పక్కన ఒడియాలో కూడా వేయండి. పని స్థలం రాయగడ అని మొదటి వాక్యంలోనే ఉండాలి.

జయపురం_లత

మాస్టారు గారు చెప్పింది బంగారం. ఇప్పుడు నాకు నచ్చని రెండు మాటలు. "పురుషులు మాత్రమే", "వయసు 25–30". ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టం నాటి నుంచే ఉంది. చట్టం మాట అలా ఉంచి, ఎందుకు రాశారు మీరు?

రాయగడ_గోడౌన్

రాత్రి 8 దాకా ఉండాలి కదా మేడం, లోడింగ్ దగ్గర మగపిల్లలు. ఇబ్బంది పడతారని.

జయపురం_లత

అయితే మీ భయం టైం గురించి. అదే రాయండి, 9 నుంచి 8, మధ్యలో ఎంత సేపు భోజనం, సెలవు ఏ రోజు. కుదిరేవాళ్ళు వస్తారు, కుదరనివాళ్ళు వాళ్ళే ఆలోచించుకుంటారు. పదకొండు గంటలు అంటే నాకైతే ఎక్కువే, అసలు అంతసేపు ఉంచకూడదు. బాకీల ఫోన్లు ఇంకెవరైనా చేయొచ్చేమో చూడండి. ఆరుకి వెళ్ళనిస్తే మీకు వచ్చేవాళ్ళు ఎక్కువవుతారు.

ట్యాలీ_బరంపురం

ఇప్పుడు జీతం గురించి ఏమంటారు లత గారు? రాస్తే ఉన్నవాళ్ళు గొడవ చేస్తారు, అది అనుభవంతో చెప్తున్నా.

జయపురం_లత

గొడవ చేస్తారు, ఒప్పుకుంటా. కానీ "ప్రతిభను బట్టి" అని రాస్తే, 30 వేలు ఆశించేవాడూ 12 వేలకి ఒప్పుకునేవాడూ ఒకే లైనులో నిలబడతారు, వాళ్ళని ఏరడానికి మీ టైమే పోతుంది. ఇంతనుంచి ఇంత అని రాయండి. కింద అంకె అప్పటికి ఉన్న కనీస వేతనానికి తగ్గకూడదు, అది ముందు చూసుకోండి.

రాయగడ_గోడౌన్

16 నుంచి 19 వేలు ఇవ్వగలం. కానీ ట్యాలీ గారు చెప్పింది నిజం. ఆరేళ్ళుగా ఉన్న స్టాక్ కుర్రాడికి 15,500 ఇస్తున్నాం. వాడు చూస్తే ఏం అనుకుంటాడు. మావయ్య కూడా పార్టనర్, ఆయన్ని ఒప్పించాలి.

జయపురం_లత

ఆ కుర్రాడి సంగతి ప్రకటన వల్ల వచ్చిన సమస్య కాదు, ప్రకటన వల్ల బయటపడింది.

రాయగడ_గోడౌన్

ఇదుగో కొత్తది, చూడండి.

"రాయగడలో మా ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్, డిస్పాచ్ క్లర్కు కావాలి. పని ఇది: వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లకి ట్యాలీలో రోజుకి 25–40 బిల్లులు కొట్టడం, ఆర్డరు సరిగ్గా లేకపోతే షాపుకి ఫోన్ చేసి కనుక్కోవడం, బండి బయల్దేరేముందు లోడింగ్ దగ్గర సరుకు సరిచూడటం, సాయంత్రం వచ్చిన సరుకు ఎంట్రీ చేయడం. రోజులో సగం గోడౌన్‌లో నిలబడి ఉండాలి. తప్పక కావాల్సినవి: ఏదో ఒక షాపులో ట్యాలీలో బిల్లులు కొట్టిన ఒక సంవత్సరం అనుభవం, తెలుగు, ఒడియా మాట్లాడటం. ఒడియా మెల్లగా చదవగలిగితే మంచిది, రాయనక్కర్లేదు. ఈ-వే బిల్లు మేం నేర్పుతాం. డిగ్రీ తప్పనిసరి కాదు. పొద్దున 9 నుంచి సాయంత్రం 6:30, మధ్యలో గంట భోజనం, ఆదివారం సెలవు. జీతం 16–19 వేలు, అనుభవాన్ని బట్టి. ఎంపిక ముందు అరగంట బిల్లింగ్ పరీక్ష ఉంటుంది. బయోడేటాతో పాటు, ఇంతకుముందు మీరు ఏ సరుకుకి బిల్లులు కొట్టారో రెండు వాక్యాలు రాసి పంపండి."

బాకీల ఫోన్లు నేనే చేస్తా.

జయపురం_లత

బాగుంది. ఆ రెండు వాక్యాల షరతు మంచిది, చదవకుండా పంపేవాళ్ళు అక్కడే తెలిసిపోతారు. పరీక్షలో ఆ "వైరు 2" ఆర్డరు పెట్టండి. అడిగితే పనికొస్తాడు. అడక్కుండా కొట్టేస్తే ఎంత స్పీడుగా కొట్టినా ఆలోచించుకోండి.

ట్యాలీ_బరంపురం

"డిగ్రీ తప్పనిసరి కాదు" అంటే వెల్లువలా వస్తారు. చూద్దాం.

గుణుపూర్_డిగ్రీ

నేను పంపుతున్నా.

రాయగడ_గోడౌన్ (మూడు వారాల తర్వాత)

అప్‌డేట్. 21 వచ్చాయి, వెల్లువేం రాలేదు. 13 మంది ఆ రెండు వాక్యాలు రాశారు, తొమ్మిది మందిని పరీక్షకి పిలిచాం. "వైరు 2" దగ్గర నలుగురు అడిగారు, ఒకమ్మాయి అయితే కాయిలా, మీటర్లా అని అడిగి, ఎన్ని స్క్వేర్ ఎంఎం అని కూడా అడిగింది. ఆమెకి బిసంకటక్‌లో ఇల్లు, 6:30 కి వదిలితే బస్సు దొరుకుతుందంటోంది. గుణుపూర్ బాబు కూడా అడిగాడు, కానీ టైపింగ్ నెమ్మది. ఇద్దరి మధ్యా ఇంకా తేల్చుకోలేదు.

జీతం విషయంలో మావయ్య ఒప్పుకోలేదు. బస్టాండు దగ్గర అంటించిన కాగితంలో ఆ లైను తీసేశారు, వాట్సాప్‌లో మాత్రం ఉంచాం. కాగితం చూసి ఫోన్ చేసినవాళ్ళు అందరూ మొదటి మాటే "ఎంతిస్తారండీ". మావయ్యే ఎత్తి సమాధానం చెప్తున్నారు, పాపం. స్టాక్ కుర్రాడు వాట్సాప్‌లో చూసేశాడు, ఏమీ అనలేదు. అదే టెన్షన్‌గా ఉంది.

ట్యాలీ_బరంపురం

టైపింగ్ నెమ్మది అయితే 40 బిల్లులు రెండు లోపు ఎలా అవుతాయి? అమ్మాయినే తీసుకోండి.

జయపురం_లత

టైపింగ్ స్పీడు ప్రకటనలో లేదు కదా, ఇప్పుడు దాని మీద తీసేయడం ఆ బాబుకి అన్యాయమేమో. పదిరోజుల్లో స్పీడు వస్తుందా రాదా అన్నది మీకే తెలియాలి, మధ్యాహ్నం రెండు లోపు అన్న గడువు మీకు తెలుసు. దానికన్నా ముందు స్టాక్ కుర్రాడితో మాట్లాడండి, ఈ వారంలోనే.

సిరోంచ_కిరాణా

మేడం, నాకూ ఇలాంటిదే రాసిపెడతారా, డ్రైవర్‌కి. నేను "మరాఠీ, తెలుగు, హిందీ రావాలి, బీఏ, క్రమశిక్షణ" అని రాశాను.

జయపురం_లత

డ్రైవర్‌కి బీఏ దేనికండీ బాబూ? రోజూ ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్డు, రాత్రి బండి ఎక్కడ పెడతారు, సామాను ఎవరు దించుతారు, ముందు ఇవి చెప్పండి.

సిరోంచ_కిరాణా

సామాను డ్రైవరే దించాలి.

జయపురం_లత

అది రాశారా?

సిరోంచ_కిరాణా

లేదు.